బానెట్ ఎత్తి చెప్పిన ఆ పది నిమిషాల క్లాసు: మూడేళ్లు వాడాక నా రివ్యూ

మూడేళ్ల కింద డ్రైవింగ్ నేర్చుకున్నప్పుడు, ఇక రేపట్నుంచి ఒక్కళ్లే బండి తీయొచ్చు అన్న రోజు మా సారు మా నలుగుర్నీ బానెట్ చుట్టూ నిలబెట్టి ఓ పది నిమిషాలు మాట్లాడారు. ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, వైపర్ నీళ్లు, ఇవి చూడకుండా బయల్దేరొద్దని.

అప్పుడు సరిగ్గా వినని బ్రేక్ ఫ్లూయిడ్ ముక్కే నాకు ఎక్కువ పనికొచ్చింది. "డబ్బా మూత తీయక్కర్లేదు, బయట్నుంచే గీతలు కనిపిస్తాయి. తగ్గిందని పోసేయడం కాదమ్మా, ఎందుకు తగ్గిందో కనుక్కోవాలి" అన్నారు. రెండో ఏడు చూస్తుంటే లెవెల్ నెలనెలా కొంచెం కొంచెంగా దిగి మిన్ గీత దగ్గరకొచ్చేసింది, చక్రాల దగ్గర తడి లేదు, పెడల్ కూడా ఎప్పట్లాగే గట్టిగా ఉంది. తెలిసినాయన ఒక బాటిల్ కొని పోసెయ్ అన్నాడు గానీ సారు మాట గుర్తొచ్చి మెకానిక్ దగ్గరకెళ్తే, ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు దాదాపు అరిగిపోయాయి. ప్యాడ్ అరిగేకొద్దీ దాని వెనక పిస్టన్ ఇంకాస్త బయటికొస్తుంది, ఆ ఖాళీలోకి ఫ్లూయిడ్ వెళ్తుంది, అందుకే పైన డబ్బాలో తగ్గుతుందంట. కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్‌ని వెనక్కి నొక్కగానే, చుక్క పోయకుండానే లెవెల్ మాక్స్ దాకా ఎక్కడం నా కళ్లతో చూశా! ముందే పోసుంటే అప్పుడు పొంగి కారేది, అది పడితే పెయింట్ లేచిపోతుంది కూడా. అదే లెవెల్ ఉన్నట్టుండి పడిపోయినా, పెడల్ మెత్తబడినా అది లీకు కావొచ్చు, బండి కదపొద్దు.

ఇక కంప్లైంట్. ఆయిల్ కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడమన్నారు, బాగానే ఉంది, కానీ బండి ఆపాక కాసేపు ఆగాలని చెప్పలేదు. నేను తిరిగొచ్చి ఇంజన్ ఆపిన వెంటనే చూస్తే మిన్ దగ్గరుంది, కంగారుపడి అర లీటరు పోశా. పొద్దున చూస్తే మాక్స్ దాటేసింది, ఎందుకంటే పైనున్న ఆయిల్ అంతా అప్పటికి కిందికి దిగింది కదా. ఎక్కువైతే నురగొస్తుందని మళ్లీ తీయించాల్సొచ్చింది. ఇప్పుడు చదునైన చోట ఆపి పది నిమిషాలాగి చూస్తున్నా, కొన్ని బళ్లకి పద్ధతి వేరేగా ఉంటుంది, మాన్యువల్‌లో చూసుకోండి.

కూలెంట్ గురించి మాత్రం, వేడి మీద మూత ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పారు, చల్లారాకే పక్క డబ్బా గీతలు చూడాలి. వైపర్ నీళ్లకేముంది, అయిపోతే పోసుకోవడమే.

చివర్లో పవర్ స్టీరింగ్ ఆయిల్ కూడా చూడండి అనేసి వెళ్లిపోయారు. నాది ఎలక్ట్రిక్ స్టీరింగ్, దానికసలు ఆ డబ్బానే ఉండదు. అది తెలీక మొదటిరోజు అరగంట వెతికా.