ఆడిట్ అభ్యంతరానికి జవాబు: ‘సరిచేశాం’ అంటే చాలా, పేర్లూ తేదీలతో ప్లాన్ రాయాలా?

ఇంటర్నల్ ఆడిట్ రిపోర్ట్ వచ్చాక బ్రాంచ్ మేనేజర్లు మూడు రకాలుగా జవాబు రాస్తారు. ‘సరిచేశాం, ఇకపై జాగ్రత్త పడతాం’ అనేది మొదటిది. స్టాఫ్ లేరు, పార్టీ ఊళ్లో లేడు అని చెప్పుకునేది రెండోది. లోపం ఎలా వచ్చింది, ఎవరు ఏ తేదీకి ఏం చేస్తారు అని రాసేది మూడోది. నేను చాలాకాలం మొదటి రకమే రాశాను. ఒక జిన్నింగ్ మిల్లు క్యాష్ క్రెడిట్, అంటే సీసీ ఖాతాతో మారాను.

జులై రెండో వారంలో ఆడిటర్ రాసింది ఇదీ: నాలుగు సీసీ ఖాతాల్లో స్టాక్ స్టేట్‌మెంట్లు మూడు నెలలు దాటినా తీసుకోలేదు, పాత డ్రాయింగ్ పవరే, అంటే సరుకు విలువను బట్టి పార్టీని వాడుకోనిచ్చే మొత్తమే, నడుస్తోంది. అందులో మిల్లు ఖాతా లిమిట్ 50 లక్షలు, చివరి స్టేట్‌మెంట్ ఫిబ్రవరి నెలాఖరుది, దాని ప్రకారం డ్రాయింగ్ పవర్, అంటే డీపీ 45 లక్షలు, బాకీ 44 లక్షలు. చూడ్డానికి ఖాతా బాగానే ఉంది కదా! పార్టీకి ఫోన్ చేసి జూన్ నెలాఖరు స్టేట్‌మెంట్ తెప్పించి, ‘తీసుకున్నాం, సరిచేశాం’ అని రాసేస్తే ఒక్క పూటలో పని అయిపోతుంది.

కానీ ఆ కాగితంలో 240 బేళ్లు అని ఉంది. మా క్రెడిట్ ఆఫీసర్ గోడౌన్‌కు వెళ్లి వరుసల వారీగా లెక్కపెడితే 220 వచ్చాయి. బేలు 25 వేల చొప్పున 55 లక్షలు, అందులో ఇంకా డబ్బు కట్టని సరుకు 7 లక్షలు తీసేస్తే 48, దాని మీద 25 శాతం మార్జిన్ 12 పోతే డీపీ 36 లక్షలు. అంటే బాకీ 8 లక్షలు ఎక్కువగా ఉంది. పత్తి సీజన్ అయిపోయింది, సరుకు అమ్మేశారు, డబ్బు మాత్రం ఖాతాలోకి రాలేదు. ‘సరిచేశాం’ అన్న మాట కింద ఈ 8 లక్షలు దాగిపోయేవి. మొదటి రకం జవాబుతో అసలు ప్రమాదం ఇదే.

రెండో రకాన్ని పూర్తిగా కొట్టిపారేయను. ఆ నాలుగు ఖాతాల్లో ఒకదాని స్టేట్‌మెంట్ వేరే ఫైల్లో దొరికింది, రసీదు తేదీ కూడా సరిగ్గానే ఉంది. అలాంటప్పుడు కాపీ జతచేసి ‘ఈ ఖాతా విషయంలో అభ్యంతరం ఒప్పుకోవడం లేదు’ అని సూటిగా రాయాలి. మిగతా మూడింటికి స్టాఫ్ కొరత అని రాస్తే మాత్రం అది జవాబు కాదు, ఫాలో అప్‌లో మళ్లీ అదే అభ్యంతరం వస్తుంది.

నా ఓటు మూడోదానికే, అందులోనూ ముందు కారణం రాయాలి. మార్చిలో పాత క్రెడిట్ ఆఫీసర్ బదిలీ అయినప్పుడు ఛార్జ్ లిస్టులో స్టేట్‌మెంట్ల డైరీ లేదు. దానికి తోడు సిస్టమ్‌లో డీపీ గడువును స్టేట్‌మెంట్ తేదీతో కాకుండా లిమిట్ రెన్యువల్ తేదీతో పెట్టారు, అందుకే ఏ హెచ్చరికా రాలేదు. ఈ గడువు తేదీ దిద్దకుండా ఎన్ని స్టేట్‌మెంట్లు తెప్పించినా ఆరు నెలలకు మళ్లీ ఇదే కథ.

ఇక తేదీలు. చాలామంది అలవాటుగా ‘సెప్టెంబర్ 30 లోపు’ అని పెడతారు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం మూడు నెలలు దాటిన స్టేట్‌మెంట్ మీద నడిచే వాడకం సక్రమం కాదు, అది వరుసగా 90 రోజులు సాగితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. మా మిల్లుకు జూన్ 1 నుంచి లెక్కేస్తే 90వ రోజు ఆగస్టు 29. కాబట్టి సెప్టెంబర్ గడువు పెట్టి లాభం లేదు. మేం రాసింది ఇలా:

‘డీపీ 36 లక్షలకు తగ్గింపు, గడువు తేదీ సవరణ: క్రెడిట్ ఆఫీసర్, జులై 22. అదనపు 8 లక్షల వసూలు: బ్రాంచ్ మేనేజర్, 4 లక్షలు జులై 31కి, మిగతా 4 లక్షలు ఆగస్టు 20కి. మిగిలిన రెండు ఖాతాల గోడౌన్ తనిఖీ: క్రెడిట్ ఆఫీసర్, జులై 29. ప్రతి నెలా 10 దాటాక స్టేట్‌మెంట్ రాని ఖాతాల లిస్టు: జాయింట్ మేనేజర్, ఆగస్టు 11 నుంచి.’

‘బ్రాంచ్ సిబ్బంది’ అని ఎక్కడా రాయలేదు చూడండి, అలా రాస్తే ఎవరి పనీ కాదు. వసూలు నా పేరు మీదే పెట్టుకున్నాను, ఎందుకంటే డీపీ తగ్గించిన మర్నాడే పార్టీ చెక్కులు వెనక్కి పోతాయి, ఆయన కోపంగా వచ్చేది నా క్యాబిన్‌కే. ఈ భయంతోనే చాలా బ్రాంచీల్లో డీపీ తగ్గించకుండా వాయిదా వేస్తారు. నేను ముందు రోజే ఆయన్ని పిలిపించి 220 బేళ్ల లెక్క చూపించాను. కాసేపు వాదించారు, తర్వాత రెండు విడతలకు లెటర్ రాసిచ్చారు. ఆ లెటర్, గోడౌన్ ఫోటోలు, డీపీ మార్చిన స్క్రీన్ ప్రింటూ జవాబుతోపాటే పంపాం.

రెండో విడత ఆగస్టు 19న పడింది.