ఆరేళ్లుగా పివట్ టేబుల్: అంకె మీద రెండు నొక్కులు

పొడవాటి జాబితాను కూడి చిన్న పట్టికగా చూపే పివట్ టేబుల్‌లో ఏదైనా అంకె మీద మౌస్‌తో రెండుసార్లు నొక్కండి. ఆ అంకెలో కలిసిన బిల్లులన్నీ ఒక కొత్త షీటులో పరుచుకుంటాయి. ఆరేళ్లుగా ఎక్సెల్‌లో ప్రాంతాల వారీ, నెలల వారీ అమ్మకాల పట్టిక చేస్తున్నాను. ఈ పనిముట్టులో ఏది తీసేసినా సర్దుకుంటాను కానీ ఈ రెండు నొక్కులు తీసేస్తే మాత్రం ఒప్పుకోను. అంత ఇష్టం ఎందుకో చెప్పాలంటే ఒక డిసెంబరు లెక్క గురించి చెప్పాలి.

నేను విజయవాడలో ఫ్యాన్లు, కూలర్లు, మిక్సీలు టోకున అమ్మే దుకాణంలో లెక్కలు చూస్తాను. గుంటూరు, ఏలూరు, ఒంగోలు, రాజమహేంద్రవరం వైపు చిల్లర దుకాణాలకు సరుకు పోతుంది. ఏడాదికి సుమారు పదకొండు వేల వరుసలు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఆ జాబితాను సీఎస్‌వీ ఫైలుగా దించుకుని, ప్రాంతం పేర్లను నిలువున, నెలలను అడ్డంగా పెట్టి కూడిస్తే పది నిమిషాల్లో పట్టిక సిద్ధం. అది అందరికీ తెలిసిన పనే.

2024 ఏప్రిల్‌లో, ముగిసిన ఆర్థిక సంవత్సరం పట్టికను యజమానికి చూపించాను. మొత్తం అంకె లెక్కల పుస్తకంతో పైసా తేడా లేకుండా సరిపోయింది. ఆయన ఒక్క కూలర్ల లెక్క మాత్రం చూపించమన్నారు. ఫిల్టరులో కూలర్లు ఎంచగానే ఒక గడి దగ్గర వేలు పెట్టారు.

“డిసెంబరులో ఏలూరు వాళ్లు ముప్ఫయి ఒక్క కూలర్లు కొన్నారా అమ్మా?”

డిసెంబరు చలిలో కూలర్లు ఎవరు కొంటారు? “చూసి చెబుతానండి” అంటూనే ఆ 31 మీద రెండుసార్లు నొక్కాను. అయిదు వరుసలు వచ్చాయి. మా బిల్లు నంబర్లు ఏప్రిల్ 1న ఒకటితో మొదలై వరుసగా పెరుగుతాయి, డిసెంబరుకు రెండు వేల తొమ్మిది వందల దగ్గర ఉంటాయి. ఇక్కడ డిసెంబరు 4 తేదీ ఉన్న బిల్లు నంబరు 131. డిసెంబరు 5 తేదీతో ఉన్నది 560. మరో రెండు వరుసల్లో తేదీ 2024 డిసెంబరు 3. అది ఇంకా రానే లేదు!

పాత కాగితం బిల్లు తీసి చూస్తే 131వ నంబరు బిల్లు 2023 ఏప్రిల్ 12 నాటిది. ఫైలులో 12-04-2023 అని సరిగ్గానే ఉంది. కానీ ఆ ఏడాది దుకాణానికి వచ్చిన కొత్త కంప్యూటర్‌లో తేదీ పద్ధతి అమెరికా తరహాలో ఉంది, అంటే ముందు నెల, తర్వాత రోజు. కాబట్టి 12-04ను అది పన్నెండో నెల నాలుగో తేదీగా చదివింది. 13-04 వచ్చేసరికి పదమూడో నెల లేదు కనుక దాన్ని తేదీగా గుర్తించక, ఉత్త అక్షరాలుగా వదిలేసింది. తేదీలైతే గడిలో కుడివైపుకు, అక్షరాలైతే ఎడమవైపుకు జరిగి ఉంటాయి. అలా ఎడమవైపుకు జరిగినవి నాకు మొదటి రోజే కనిపించాయి. నెలలుగా గుంపు చేయబోతే Cannot group that selection అని కూడా వచ్చింది. అప్పుడు ఈ సూత్రంతో పక్కన ఒక నిలువు వరుస కట్టి, దాన్నే పట్టికకు ఇచ్చాను:

```
=IF(ISNUMBER(A2),A2,DATE(RIGHT(A2,4),MID(A2,4,2),LEFT(A2,2)))
```

అక్షరాలుగా మిగిలినవి దీంతో బాగుపడ్డాయి. కానీ అప్పటికే తారుమారై, తేదీల వేషంలో కూర్చున్నవి అలాగే ఉండిపోయాయి. హెచ్చరిక ఇచ్చే వరుసలను మాత్రమే సరిచేశానన్నమాట.

ఇది యజమాని అడిగేదాకా ఎందుకు బయటపడలేదో ఆలోచిస్తే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. ప్రతి నెలలో మొదటి పన్నెండు రోజులే తారుమారవుతాయి. ఉదాహరణకు ఏప్రిల్‌లోని ఒక్కో రోజు అమ్మకం ఒక్కో నెలకు వెళుతుంది, ఏప్రిల్‌లోకి ప్రతి నెల నుంచి ఒక్కో రోజు వస్తుంది. పూర్తి ఏడాది తీసుకుంటే ఏ నెలలోనూ రోజుల సంఖ్య తగ్గదు, పెరగదు. మొత్తం మారదు. ఫ్యాన్లు, మిక్సీలు కలిసిన పట్టికలో ప్రతి అంకె నమ్మదగినట్టే కనిపిస్తుంది. ఒకే ఆర్థిక సంవత్సరం కదా అని గుంపు చేసేటప్పుడు Years తీసేసి Months ఒక్కటే ఉంచాను. అందువల్ల 2024 డిసెంబరు వరుసలు 2023 డిసెంబరులో చడీచప్పుడు లేకుండా కలిసిపోయాయి. Years ఉంచి ఉంటే, రాని నెలల పేర్లు పట్టికలో కనిపించి ఆ రోజే తెలిసిపోయేది.

ఆ ఫైలును ఇలా సరిచేశాను:

```
=IF(ISNUMBER(A2),DATE(YEAR(A2),DAY(A2),MONTH(A2)),DATE(RIGHT(A2,4),MID(A2,4,2),LEFT(A2,2)))
```

తేదీగా మారిన ప్రతి గడిలో రోజును, నెలను తిరిగి అటూ ఇటూ మార్చుతుందిది. మొత్తం ఫైలు ఆ కంప్యూటర్‌లోనే తెరిచినదైతేనే దీన్ని వాడాలి. సరిగ్గా చదివిన తేదీలు కలిసి ఉంటే వాటిని పాడుచేస్తుంది. ఆ తర్వాత విండోస్ Region అమరికలో English (India) పెట్టి, ఫైలును మళ్లీ దించి తెరిచాను. రెండు పట్టికలూ సరిపోయాయి. ఏలూరు డిసెంబరు గడి ఖాళీ అయింది. అన్ని ప్రాంతాల్లోనూ కూలర్ల అమ్మకాలు మార్చి, ఏప్రిల్, మే నెలల్లోకి చేరాయి.

రెండు నొక్కులను ఇంతగా మెచ్చుకున్నాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఒకసారి ఏలూరు వైపు చూసే మా సేల్స్ అబ్బాయికి పట్టిక ఉన్న షీటు ఒక్కటే కొత్త ఫైలులో పంపాను, అసలు జాబితా పంపలేదు. అతను గుంటూరు అంకె మీద రెండుసార్లు నొక్కితే గుంటూరు దుకాణాలకు ఏ ధరకు ఇచ్చామో వరుసగా వచ్చేసింది. పివట్ టేబుల్ తన లోపల జాబితా నకలు మొత్తం దాచుకుంటుంది. అసలు జాబితా ఉన్న షీటు తీసేసినా అది పోదు. ఇప్పుడు బయటకు పంపేటప్పుడు పట్టికను నకలు తీసి, కొత్త ఫైలులో Paste Special లోని Values గా అతికించి పంపుతున్నాను.

ఇంకో చిన్న సంగతి. నొక్కినప్పుడు వచ్చే షీటు అప్పటి నకలు మాత్రమే. అందులో తప్పు దిద్దితే అసలు జాబితాలోకి పోదు. నెల చివర పని ముగిసేసరికి Sheet14, Sheet15 అంటూ ఓ డజను చేరతాయి, అవన్నీ తీసేయాలి. జాబితాలో కొత్త వరుసలు కలిపినా Refresh All నొక్కేదాకా పాత అంకెలే ఉంటాయి. జాబితాను Ctrl+T తో టేబుల్‌గా చేయకపోతే, నొక్కినా కొత్త వరుసలు రాకపోవచ్చు.

నేను ఒక్కదాన్నే చూసుకునే ఒక దుకాణపు లెక్క, పదకొండు వేల వరుసలు, నెలకోసారి పట్టిక. ఈ మేరకు నాకు పివట్ టేబుల్ చాలు, మరొకటి నేర్చుకునే అవసరం రాలేదు. రోజూ నలుగురు చేతులు పెట్టే ఫైలైతే, నెలల అంకెలను చూసి సరుకు ముందుగా తెప్పించే చోటైతే నా మాట ఎంతవరకు పనికొస్తుందో మీరే చూసుకోవాలి. నేను మాత్రం ఇప్పుడు పట్టిక కట్టగానే Years ఉంచి, ప్రతి ప్రాంతంలో ఒక డిసెంబరు గడి తెరిచి బిల్లు నంబర్లు చూస్తాను. అవి రెండు వేల తొమ్మిది వందల చుట్టూ ఉంటేనే యజమానికి పంపుతాను.