త్రైమాసిక డిస్కౌంటు 12 శాతమా, ఏడాదికి నికర వడ్డీ 12.75 శాతమా?

ఏడాది తర్వాత లక్ష రూపాయలు రావలసిన చిత్తూరు మామిడి గుజ్జు వ్యాపారి ఒకరు ఆ బిల్లు చూపి ఇప్పుడే డబ్బు తీసుకోవాలనుకున్నారనుకుందాం. మొదటి ఫైనాన్సరు త్రైమాసికంగా లెక్కించే, ఏడాదికి 12 శాతం నామమాత్రపు డిస్కౌంటు రేటు చెబుతారు. రెండో ఫైనాన్సరు ఏడాదికి 12.75 శాతం నికర వడ్డీ అంటారు. పైకి మొదటిదే చవక.

డిస్కౌంటును చివర ఇచ్చే మొత్తంపై ముందే కోస్తారు, వడ్డీని చేతికొచ్చిన సొమ్ముపై చివర కడతారు. అందువల్ల మొదటి పద్ధతిలో ప్రతి మూడు నెలలకు 3 శాతం కోత పడి, చేతికొచ్చేది లక్ష × 0.97⁴, అంటే రూ. 88,529.

రెండో పద్ధతిలో లక్షను 1.1275తో భాగిస్తే రూ. 88,692 వస్తుంది.

మొదటిదాని అసలు వడ్డీ ఈ సూత్రంతో తేలుతుంది:

```
i = (1 − d/4)^(−4) − 1
```

ఇక్కడ d = 0.12 కనుక i సుమారు 12.96 శాతం. చాలామంది 1.03⁴ వేసి 12.55 శాతమని పొరబడతారు. అది డిస్కౌంటు కాదు, వడ్డీ లెక్క.

ఏడాదంతా డబ్బు కావలసినవారికి రెండోదే మేలు. మూడు నెలల్లో తీర్చేవారికి, రెండోదానిలో ముందస్తు చెల్లింపు రుసుము ఉంటే, మొదటిది చవక కావచ్చు: లక్షలో 3 శాతం కోత పోగా వచ్చే రూ. 97,000పై మూడు నెలల వడ్డీలో తేడా దాదాపు 46 రూపాయలే, రుసుము అంతకు మించితే చాలు.