ట్యాంకు క్లీనింగ్ సర్వీసుకు ఏది మేలు: నాలుగు పేజీల ఉత్తరమా, ఒక్క పేజీ కరపత్రమా?

బెంగళూరు కె.ఆర్.పురం వైపు సొంత ఇళ్లున్న తెలుగువాళ్లకు ట్యాంకు క్లీనింగ్ గురించి పోస్టులో ఏం పంపాలని అడిగితే, చాలామంది కరపత్రం చాలంటారు. పేరు, రేటు, ఫోన్ నంబరు ఉంటే సరిపోతుందని వాళ్ల లెక్క. నాలుగు పేజీలు అందరూ చదవరు, నిజమే. కానీ వాకిట్లో సంపు ఉన్న మనిషి చదువుతాడు. అతని అనుమానాలు రేటు చూస్తే తీరేవి కావు.

మొదటి టెన్షన్ నీళ్లే. డబ్బిచ్చి పోయించుకున్న ట్యాంకర్ నీళ్లు పారబోస్తారేమోనని భయం. కరపత్రంలో దీనికి చోటుండదు. ఉత్తరంలో ఇలా రాయొచ్చు: "మేం వచ్చేలోగా సంపులో నీళ్లు తగ్గేదాకా వాడుకోండి. మిగిలిన పైతేట నీళ్లను మోటారుతో మిద్దెపై ట్యాంకుకు ఎక్కించి, అడుగున ఉన్న బురదే తోడేస్తాం. సంపు కడగడం అయ్యి, మళ్లీ నిండాకే పై ట్యాంకు పని." ముందు సంపే ఎందుకో కూడా చెప్పాలి. పైది ముందు కడిగితే, మోటారు వేయగానే సంపులోని మడ్డి మళ్లీ పైకి చేరుతుంది.

రెండోది మందు. "క్రిములన్నీ చంపుతాం" అంటే నమ్మబుద్ధి కాదు. లెక్క చెబితే నమ్ముతారు. 1000 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అందాలంటే 50 గ్రాములు కావాలి. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ మూడో వంతు దాకా ఉంటుంది కాబట్టి సుమారు 150 గ్రాముల పౌడర్ పడుతుంది. ఎప్పుడో విప్పిన సంచిలో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, అందుకే మీ ముందే కొత్త ప్యాకెట్ విప్పుతామని రాయాలి. క్లోరిన్ కలిపిన నీళ్లు కొన్ని గంటలు ఉంచి వదిలేస్తారని, అవి తాగకూడదని, తర్వాత మంచినీళ్లతో కడుగుతారని కూడా ఉండాలి.

సంపులోకి దిగే మనిషి గురించి ఒక పేరా తప్పనిసరి. మూత ముందే తీసి గాలి ఆడనిస్తాం, బ్లోయర్ పెడతాం, మోటారుకు కరెంటు తీసేస్తాం, పైన ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. మూసి ఉన్న సంపులో ఊపిరాడక ప్రాణాలు పోతాయి. ఈ పేరా లేని ఉత్తరాన్ని నేను పంపనివ్వను.

అయితే మొదటి పేజీ అంతా రోగాల పేర్లు, పురుగుల ఫొటోలతో నింపే పొడుగు ఉత్తరాలున్నాయి. వాటికంటే కరపత్రమే నయం. ఒకసారి పని చేయించుకున్న ఇంటికీ, అసోసియేషన్ చూసుకునే అపార్ట్‌మెంట్లకూ కూడా ఉత్తరం దండగ. పాత కస్టమర్‌కి "పోయినసారి ఫలానా నెలలో కడిగాం" అని కార్డు వేస్తే చాలు.

కొత్త ఇళ్లకు మాత్రం నా ఓటు ఉత్తరానికే. నమ్మకం కుదరకపోతే ఒకే వీధిలో ఒక ఇల్లు విడిచి ఒక ఇంటికి ఉత్తరం, మిగతావాటికి కరపత్రం పంపండి. రెండింటి మీదా వేర్వేరు ఫోన్ నంబర్లు వేయండి. వచ్చిన ఫోన్లతో ఆగకుండా, ఏ నంబరుకు వచ్చిన ఫోన్లతో ఎన్ని ట్యాంకుల పని కుదిరిందో రాసుకోండి.