పొద్దున్నే సుప్రభాతం: గడియారం టైమా, సూర్యోదయమా, అలారమా?

మల్కాజిగిరిలో అమ్మానాన్నల ఇంట్లో అలెక్సాతో నడిచే ఒక ఎకో స్పీకర్, మియాపూర్‌లో అక్క వాళ్ల ఫ్లాట్‌లో ఇంకొకటి ఉన్నాయి. రెండు చోట్లా పొద్దున్నే ముందు సుప్రభాతం, తర్వాత విష్ణు సహస్రనామం దానంతట అదే మొదలవ్వాలి. రెండూ కలిపి దాదాపు యాభై నిమిషాలు. సెట్ చేసింది నేనే. అయితే ఒక ఇంటికి సరిపోయిన పద్ధతి రెండో ఇంటికి సరిపోలేదు.

రొటీన్ అంటే చెప్పిన టైముకి స్పీకర్ తనంతట తానే చేసే పనుల వరుస, అందులో ఒక్కో పని ఒక్కో యాక్షన్. అలెక్సా యాప్‌లో `Routines`లోకి వెళ్లి కొత్త రొటీన్ మొదలుపెడితే, `Schedule` కింద రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి ఫలానా టైముకి మొదలవ్వడం, రెండోది `Sunrise`. సూర్యోదయానికి ఇన్ని నిమిషాల ముందు అని కూడా పెట్టుకోవచ్చు. గూగుల్ హోమ్ యాప్‌లోనూ ఈ రెండూ ఉన్నాయి.

హైదరాబాద్‌లో జూన్ మొదట్లో సూర్యుడు 5:41 ప్రాంతంలో వస్తాడు. జనవరి చివర్లో అదే 6:49 దాకా పోతుంది. అంటే గంటకు పైగా తేడా. అమ్మ దీపం పెట్టేది తెల్లవారకముందే, కానీ గడియారం చూసి కాదు. మొదట వాళ్లింట్లో 5:30 పెట్టాను. వేసవిలో బాగానే ఉంది. జనవరి వచ్చేసరికి "ఇంత చీకట్లో ఎందుకురా, మీ నాన్న ఇంకా పడుకునే ఉన్నారు" అంది అమ్మ. అప్పుడు సూర్యోదయానికి 30 నిమిషాల ముందుకి మార్చాను. ఇప్పుడు జూన్‌లో 5:11కి, జనవరిలో 6:19కి మొదలవుతోంది. నేను మళ్లీ ముట్టుకోవాల్సిన పని రాలేదు. ఒక్కటి చూసుకోవాలి: సూర్యోదయాన్ని యాప్‌లో ఆ స్పీకర్‌కి ఇచ్చిన అడ్రస్ ప్రకారమే లెక్కేస్తుంది. అక్కడ పాత ఊరు ఉంటే టైము జరుగుతుంది.

అదే పద్ధతి అక్క ఇంట్లో పెడితే చలికాలంలో చిక్కొచ్చింది. 6:19కి మొదలైతే సహస్రనామం 7:10 దగ్గర ముగుస్తుంది. పిల్లల స్కూల్ బస్సు 7:15కి. టిఫిన్ బాక్సులు, షూలు, అరుపుల మధ్య ఎవరికీ ఒక్క శ్లోకం కూడా చెవిన పడదు. అందుకే అక్కకి సోమవారం నుంచి శనివారం దాకా 5:30 ఖాయం చేశాను. ఏ కాలమైనా 6:20కల్లా అయిపోతుంది. బస్సు టైము పట్టి నడిచే ఇంటికి గడియారమే మేలు.

ఇక మ్యూజిక్ అలారం. నోటితో చెప్పి పెట్టేయొచ్చు కాబట్టి తేలిక. దీనికి నిజమైన బలం ఒకటుంది. రొటీన్ ఇంటర్నెట్ లేకపోతే నడవదు. ముందే పెట్టిన అలారం మాత్రం నెట్ లేకపోయినా మామూలు బీప్‌తోనైనా మోగుతుంది. కానీ పాట ఎప్పుడు ఆగాలో రొటీన్‌లో చెప్పినట్టు అలారంలో చెప్పలేం. నిద్ర లేవడానికైతే వాడండి, పూజకి రొటీన్ పెట్టుకోండి. కరెంటు పోయినప్పుడు రౌటర్ కూడా ఆగిపోయి రొటీన్ తప్పిపోతుంటే, రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టడమే మందు. తప్పిన రొటీన్ కరెంటు వచ్చాక ఆలస్యంగా మొదలవ్వదు.

ఏ టైము ఎంచుకున్నా రొటీన్ లోపలి వరుస ముఖ్యం. మొదట వాల్యూమ్ 3కి పెట్టే యాక్షన్ ఉండాలి. రాత్రి పిల్లలు 8లో వదిలేస్తే, తెల్లవారుజామున పక్క ఫ్లాట్ వాళ్లు కూడా ఉలిక్కిపడి లేస్తారు. పాట యాక్షన్ చివరన రావాలి, దాని తర్వాత ఇంకేదీ పెట్టనివ్వదు. అందుకే ఎప్పుడు ఆగాలన్నది పాట యాక్షన్‌లోనే ఉండే టైమర్‌తో చెప్పాలి. నేను గంట పెట్టాను. పాట ఏ స్పీకర్‌లో రావాలో కూడా అక్కడే ఎంచుకోండి, లేకపోతే బెడ్‌రూమ్‌లో మోగొచ్చు.

ప్లేలిస్ట్ పేరు తెలుగులో పెడితే మా స్పీకర్ పట్టుకోలేదు. ఇంగ్లిష్‌లో సులువైన పేరు పెట్టి, `Custom` యాక్షన్‌లో ఇలా టైప్ చేశాను:

```
play my playlist Morning Pooja on Spotify
```

ఇందులో `my` వదిలేస్తే అదే పేరున్న వేరేవాళ్ల ప్లేలిస్ట్ రావచ్చు. అయితే `Custom`లో ఆ టైమర్ ఉండదు. అలా చేసినప్పుడు గంట తర్వాత పాట ఆపే రెండో రొటీన్ విడిగా పెట్టాలి.

వరుస విషయంలో ఇంకో సంగతి. డబ్బు కట్టని స్పాటిఫై ఖాతాలో ప్లేలిస్ట్ షఫుల్ అయిపోవచ్చు, మధ్యలో ప్రకటనలూ వస్తాయి. సహస్రనామం అయ్యాక స్వామిని మేలుకొలపడం అమ్మకి అసలు నచ్చలేదు, నాకూ నచ్చలేదు. సుప్రభాతం తర్వాతే మిగతావి రావాలంటే డబ్బు కట్టిన ఖాతా తీసుకుని, షఫుల్ ఆపి ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి. అన్నీ అయ్యాక రొటీన్ పేరు పక్కనున్న ప్లే గుర్తు నొక్కితే వెంటనే నడుస్తుంది. వాల్యూమ్, స్పీకర్, మొదటి పాట మూడూ అప్పుడే తెలిసిపోతాయి. పొద్దున దాకా ఆగక్కర్లేదు.