కల అర్థాన్ని పుస్తకంలో వెతకడమా, కల కన్నవారిని అడగడమా: ఏది మేలు?

ఆదివారం ఉదయం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో కలల ఫలితాలు చెప్పే చిన్న పుస్తకాలు కూడా దొరుకుతాయి. పాము కరిస్తే ఇది, పెళ్ళి కనిపిస్తే అది, పళ్ళు ఊడితే దగ్గరివారికి కీడు అని వాటిలో వరుసగా రాసి ఉంటుంది. సైకోథెరపిస్టు దగ్గరికి అదే కలను తీసుకువెళితే ఆయన ఫలితం చెప్పరు, కల కన్నవారినే తిరిగి అడుగుతారు. హైదరాబాదులో కౌన్సెలింగ్ చేస్తున్న నాకు ఈ రెండు పద్ధతుల మధ్య తేడా ఒక కల దగ్గర బాగా తెలిసివచ్చింది. ఆ కల కన్న మహిళ ఎవరో తెలియకుండా వివరాలు మార్చి, ఆమె అనుమతితో ఇక్కడ రాస్తున్నాను.

ఆమెకు ముప్ఫై ఆరేళ్ళు. కలలో కోఠి వెళ్ళే బస్సులో నిలబడి ఉంటుంది. నోట్లో ఏదో నిండుగా తగులుతుంటే అరచేతిలోకి ఉమ్ముతుంది. చూస్తే నాలుగు పళ్ళు, రక్తం మాత్రం లేదు. వాటిని తెల్ల చేతిరుమాలులో మూటగడుతుండగా కండక్టరు "దిగమ్మా" అంటాడు. తన స్టాపు ఇంకా రాలేదని చెప్పాలనుకుంటుంది కానీ నోరు పెగలదు, అంతలో మెలకువ వస్తుంది. విషయం విన్న వాళ్ళమ్మ పళ్ళు ఊడితే ఇంట్లో పెద్దవాళ్ళకు మంచిది కాదని అన్నది. ఏడాది క్రితం తండ్రికి గుండెలో స్టెంట్ వేశారు. ఇక ఆమె మూడు రోజులపాటు పొద్దున, రాత్రి ఆయనకు ఫోన్ చేసి "నాన్నా, ఊపిరి బాగానే ఆడుతోందా?" అని అడుగుతూ గడిపింది.

కలల పుస్తకాల్లోని ఇలాంటి ఫలితాల పట్టిక పని ఇంతే. అది బస్సును, చేతిరుమాలును, కండక్టరును, పెగలని నోటిని అన్నింటినీ వదిలేసి ఒక్క వస్తువును పట్టుకుంటుంది. ఎవరికి వచ్చిన కలైనా ఒకటే జవాబు ఇస్తుంది. అయితే ప్రాచీనులందరూ ఇలాగే చేశారనడం న్యాయం కాదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో కలల ఫలితాల మీద గ్రీకు భాషలో పెద్ద గ్రంథం రాసిన ఆర్టెమిడోరస్, కల కన్నది ధనికుడా పేదవాడా, ఏ వృత్తిలో ఉన్నాడు అని తెలుసుకోకుండా ఫలితం చెప్పకూడదన్నాడు. కానీ కలలోని వస్తువును చూసి ఏది స్ఫురిస్తుందో అది అక్కడ కూడా ఫలితం చెప్పేవాడికే స్ఫురించాలి. 1899 చివర్లో వెలువడి, అట్ట మీద 1900 అని అచ్చయిన తన కలల గ్రంథంలో, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ మార్చినది ఈ ఒక్క విషయాన్నే: స్ఫురించవలసినది కల కన్నవారికి. మన మనస్తత్వశాస్త్ర పాఠ్యపుస్తకాలు స్వేచ్ఛా సంసర్గం అని పిలిచే పద్ధతి ఇదే.

దీన్ని ఆచరణలో పెట్టడం వినడానికి అనిపించినంత తేలిక కాదు. ముందు కలను ఆమె మాటల్లోనే, ఏమీ సవరించకుండా రాసుకున్నాను. తరువాత దాన్ని ముక్కలు చేశాను, ఎందుకంటే "ఈ కల గురించి మీకేమనిపిస్తోంది?" అని మొత్తంగా అడిగితే చాలామంది "భయంగా ఉంది" అని ఆగిపోతారు. ఒక్కొక్క ముక్కను ఆమె ముందు పెట్టి, దాని అర్థం వెతకవద్దని, అది తలుచుకోగానే మనసులోకి వచ్చినది సంబంధం లేనిదైనా, చెప్పడానికి సిగ్గనిపించినా అలాగే చెప్పమని కోరాను. వీటితోపాటు కల రావడానికి ముందు రోజు ఏమి జరిగిందో కూడా తప్పక అడగాలి. కల తన సరుకులో కొంత ఆ రోజు నుంచే తెచ్చుకుంటుందన్నది ఫ్రాయిడ్ గమనించిన విషయం.

కోఠి అనగానే ఆమెకు అక్కడి మహిళా కళాశాల, గడ్డిఅన్నారం మార్కెట్లో పండ్ల వ్యాపారం చేసి తండ్రి కట్టిన ఫీజులు గుర్తుకొచ్చాయి. పళ్ళు అన్నప్పుడు మొదట రెండు వారాల క్రితం ఊడిన కొడుకు పాలపన్ను, దాన్ని ఇంటి పైకప్పు మీదికి విసరడం చెప్పి నవ్వింది. ఆ తరువాత "నాన్న అమ్మింది కూడా పళ్ళే కదండీ" అని తనంతట తానే అని, తన మాటకు తానే ఆశ్చర్యపోయింది. ఇంగ్లీషు నుంచి దింపిన ఏ పట్టికలోనూ ఈ దారి దొరకదు, ఎందుకంటే నోట్లోవీ గంపలోవీ ఒకే మాటతో పిలవబడేది మన భాషలోనే. నాలుగు అన్నప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "నలుగురిలో నోరు విప్పకు అని అమ్మ ఎప్పుడూ అంటుంది" అన్నది.

మాట ఆగిన చోటే నేను కూడా ఆగాను. ముందు రోజు సంగతి అడిగితే అప్పుడు బయటపడింది. తాతగారి ఇంటిలో తన వాటా వదులుకుంటున్నట్టు రాయించిన హక్కు విడుదల దస్తావేజును అన్నయ్య తెచ్చి, బంధువులందరి ముందు "సంతకం పెట్టమ్మా" అన్నాడు. ఆమె కాదనలేదు, అవుననలేదు. "కండక్టరు గొంతు అన్నయ్యదే" అని ఆమె అన్నాక నేను జోడించింది ఒక్క వాక్యమే: మీ స్టాపు రాకముందే మిమ్మల్ని దిగమన్నారని మీకు అనిపించిందేమో.

ఇలా చెప్పినది సరిపడిందో లేదో తెలుసుకోవడంలోనే కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు ఎక్కువగా పొరబడతారు. "మీరు చెబితే అంతేనండి" అనే జవాబు మన దగ్గర మర్యాద మాత్రమే. దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటే థెరపిస్టు మాట మరో ఫలితాల పుస్తకం అవుతుంది. అడగని కొత్త జ్ఞాపకం వస్తేనో, అంతవరకు లేని భావం ముఖంలో కనిపిస్తేనో దారి సరైనదని కొంత నమ్మవచ్చు. ఆమె ఏడ్చింది. తరువాత, చదువు మాన్పించి పెళ్ళి చేద్దామని మేనమామలు అన్న రోజున తండ్రి ఒక్కడే తన పక్షాన మాట్లాడిన సంగతి చెప్పింది. మూడు రోజులుగా తాను తండ్రి ప్రాణం కోసం బెంగపడ్డానని అనుకున్నదనీ, నిజానికి తన తరఫున మాట్లాడే నోరు లేకుండా పోతుందని భయపడ్డదనీ ఆమే విడదీసి చెప్పింది.

ఈ పద్ధతికి ఉన్న హద్దులు చిన్నవి కావు. అసలు కలతో కాక ఏదో ఒక మాటతో మొదలుపెట్టినా ఆమె ఆలోచనలు ఆ దస్తావేజు దగ్గరికే చేరేవేమో. కాబట్టి ఆ గొడవే కలకు కారణమని ఇది రుజువు చేయదు. మనసును ఏది నొక్కుతోందో మాత్రం చూపుతుంది. ఆలోచనలను అలా వదిలేస్తే అవి కలను విడిచి దూరంగా వెళ్ళిపోతాయని, మళ్ళీ మళ్ళీ కలలోని బొమ్మ దగ్గరికే రావాలని ఫ్రాయిడ్‌కు ఒకప్పటి సహచరుడైన యూంగ్ చేసిన విమర్శ నాకు పనికివచ్చింది. ప్రమాదమో, దాడో జరిగినవారికి అదే దృశ్యం పీడకలగా తిరిగి వస్తుంటే ఈ పద్ధతిలో తవ్వడం నేను చేయను. కల ముగింపును మెలకువలో మార్చి రాసుకుని, దాన్ని రోజూ మనసులో ఊహించుకునే చికిత్స వారికి వేరే ఉంది.

పట్టిక పూర్తిగా పనికిరానిదా అంటే, అలా అనలేను. ఫ్రాయిడ్ కూడా తరువాతి ముద్రణల్లో ప్రతీకల భాగాన్ని బాగా పెంచాడు. అయితే కల కన్నవారికి ఏమీ తోచని చోట దాన్ని తోడుగా మాత్రమే వాడాలని హెచ్చరించాడు. నా అనుభవంలో పట్టిక మరొక విధంగా ఉపయోగపడుతుంది. పళ్ళు ఊడితే కీడన్న అమ్మ మాట కూడా ఆమెకు స్ఫురించిన వాటిలో ఒకటి, దాన్ని కొట్టిపారేసి ఉంటే తండ్రి ప్రస్తావన అంత త్వరగా వచ్చేది కాదు. రెండింటిలో ఏది మేలని అడిగితే మాత్రం నేను సందేహించకుండా కల కన్నవారిని అడగడమే మేలంటాను. అమ్మ నోట వచ్చిన పుస్తకం మాట ఆమె చేత మూడు రోజులు ఫోన్లు చేయించింది. మా ఆ సిట్టింగు తరువాత ఆమె దస్తావేజు చదువుకోవడానికి నెల రోజులు గడువు కావాలని అన్నయ్యకు చెప్పింది.

తెల్ల చేతిరుమాలు గురించి ఆమెకు ఏమీ తోచలేదు. ఒక కలను ఒకే సిట్టింగులో పూర్తిగా విప్పి తీరాలని పట్టుబట్టకూడదని ఫ్రాయిడ్ 1911లోనే వైద్యులకు రాశాడు. నేనూ అడగడం మానేశాను. ఆ ముక్క ఎదురుగా నా నోటుబుక్కులో ఇంకా ఖాళీగానే ఉంది.