హునైన్ చెప్పులు: మాటకు మాటా, సామెతకు సామెతా

అరబ్బీలో ‘రజఅ బిఖుఫ్ఫై హునైన్’ అనే సామెతను ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే ‘హునైన్ చెప్పుల జతతో తిరిగివచ్చాడు’ అని వస్తుంది. చదివినవారికి ఏదో లాభించిందనిపిస్తుంది. చెప్పుల ప్రస్తావన మనకు అవమానాన్ని కూడా స్ఫురింపజేస్తుంది. అసలు కథ వేరు. హీరా నగరంలో హునైన్ అనే చర్మకారుడితో ఒక ఎడారివాసి ఎంతో బేరమాడి, చివరికి కొనకుండా వెళ్ళిపోయాడు. కోపగించిన హునైన్ అతడి దారిలో ఒక చెప్పును, మరికొంత దూరాన రెండోదాన్ని పడవేశాడు. మొదటిదాన్ని వదిలేసి వచ్చిన బాటసారి, రెండోది కనబడగానే ఒంటెను అక్కడే ఉంచి వెనక్కి వెళ్ళాడు. ఈలోగా హునైన్ సరుకుతో సహా ఒంటెను తోలుకుపోయాడు. ఎడారివాసి ఆ చెప్పుల జతతో మాత్రమే తనవాళ్ళ దగ్గరికి తిరిగివచ్చాడు.

ఈ కథకు ‘ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె’ అచ్చంగా సరిపోతుంది. అయితే నేటి అరబ్బీ వాడుకలో ఈ సామెతకు ప్రధానార్థం నష్టం కాదు, వైఫల్యం. చర్చలకు వెళ్ళిన ప్రతినిధులు ఏమీ సాధించక తిరిగివచ్చారన్న వార్తలో మన సామెత పెడితే లేని నష్టాన్ని అంటగట్టినట్టవుతుంది. అక్కడ ‘వట్టి చేతులతో’ అనడమే నయం. పాత్రలు ఆ కథనే తలచుకునే నవలలో మాత్రం నేను చెప్పులనే ఉంచుతాను.